కుక్కర్ కొనే ముందు చూడాల్సిన అంకె: లోపల నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి?

కుక్కర్ ఎంచుకునేటప్పుడు ఎక్కువమంది చూసేవి ఎన్ని లీటర్లు పడుతుంది, స్టీలా అల్యూమినియమా, మూత లోపలికి పడుతుందా బయటి నుంచి పడుతుందా అన్నవే. ఇవన్నీ చూడాల్సినవే, కాదనను. కానీ వంట ఎంత త్వరగా అవుతుందో తేల్చేది వీటిలో ఏదీ కాదు. దాన్ని తేల్చేది ఒకే ఒక అంకె, కుక్కర్ పనిచేస్తున్నప్పుడు లోపల నిలిచే ప్రెషర్. అది డబ్బా మీద చిన్న అక్షరాల్లో, లేదంటే మాన్యువల్ చివరి పేజీల్లో ఉంటుంది. అడిగితే షాపులో చెప్పగలిగేవాళ్లు తక్కువ.

మామూలు గిన్నె, ఎలక్ట్రిక్ కుక్కర్, స్టవ్ మీది కుక్కర్ – ఈ మూడింటినీ ఆ ఒక్క అంకె పట్టుకుని పోల్చి చూద్దాం. ఉదాహరణకు నానబెట్టిన శనగలు తీసుకుంటున్నాను. కుక్కర్‌కు, గిన్నెకు తేడా వాటి దగ్గర తెలిసినంత స్పష్టంగా ఇంకెక్కడా తెలియదు.

మంట పెంచితే వేడి పెరగదు

సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లో మూతలేని గిన్నెలో నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతాయి. నీటి లోపల ఆవిరి బుడగ పుట్టి నిలవాలంటే, ఆ ఆవిరి తోపు పైనుంచి గాలి నొక్కే ఒత్తిడికి సమానం కావాలి. 100 డిగ్రీల దగ్గర అది సమానమవుతుంది. అక్కడి నుంచి మీరు ఎంత మంట పెట్టినా ఆ వేడి అంతా నీటిని ఆవిరి చేయడానికే పోతుంది. నీళ్లు కుతకుతలాడుతున్నా, సన్నగా మరుగుతున్నా లోపలి గింజకు తగిలేది అదే 100 డిగ్రీలు. ఉప్పు వేస్తే మరిగే వేడి పెరుగుతుందంటారు. నిజమే, కానీ లీటరు నీళ్లలో 10 గ్రాముల ఉప్పు వేస్తే పెరిగేది పావు డిగ్రీ కూడా ఉండదు.

కాబట్టి 100 దాటాలంటే మంటను కాదు, నీటి మీద ఒత్తిడిని పెంచాలి. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచ్ శాస్త్రవేత్త గట్టి మూత బిగించిన పాత్రలో ఎముకలను మెత్తగా ఉడికించి చూపించింది ఈ కిటుకుతోనే. ఆవిరి బయటికి పోయే దారి లేకపోతే అది లోపలే పేరుకుని నీటిని నొక్కుతుంది, అప్పుడు మరగడానికి ఇంకా ఎక్కువ వేడి కావాలి. బయటి గాలి ఒత్తిడికి మించి ఇంకో 100 కిలోపాస్కల్స్ (అంటే ఒక బార్, పాత లెక్కలో దాదాపు 15 పీఎస్‌ఐ) చేరితే నీళ్లు 120, 121 డిగ్రీల దాకా మరగవు. 75 కిలోపాస్కల్స్ చేరితే 116, 50 చేరితే 111 లేదా 112.

ఈ ఒత్తిడిని నిర్ణయించేది మూత మీద కూర్చునే వెయిట్. దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. అది కూర్చునే గొట్టం రంధ్రం 3 మిల్లీమీటర్ల వ్యాసం ఉందనుకుందాం. రంధ్రం వైశాల్యం 7 చదరపు మిల్లీమీటర్లు. అంత చిన్న చోట ఒక బార్ ఒత్తిడి పైకి నెట్టే బలం 72 గ్రాముల బరువుకు సమానం. అంటే వెయిట్ 72 గ్రాములు ఉంటే, లోపలి ఒత్తిడి ఒక బార్ దాటగానే లేస్తుంది, దాటినంత ఆవిరి వదిలేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. ఇందులో స్ప్రింగూ లేదు, కరెంటూ లేదు. భూమ్యాకర్షణ చాలు.

అందుకే ఒక కుక్కర్ వెయిట్ పోతే ఇంకో కుక్కర్‌ది పెట్టకూడదు. అదే 3 మిల్లీమీటర్ల రంధ్రం మీద 100 గ్రాముల వెయిట్ పెడితే లోపల దాదాపు 126 డిగ్రీలు అవుతుంది, సేఫ్టీ వాల్వ్ పని చేయాల్సిన పరిస్థితి రావచ్చు. 50 గ్రాములది పెడితే 115 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు ‘ఈమధ్య కుక్కర్ సరిగ్గా ఉడికించడం లేదు’ అని గ్యాస్కెట్‌ను తిట్టుకుంటూ కూర్చుంటాం.

డిగ్రీలను నిమిషాల్లోకి మార్చితే

ఉడకడం అంటే లోపల జరిగే రసాయన మార్పు. గింజల్లో కణాలను అంటిపెట్టే పెక్టిన్ కరగాలి, పిండిపదార్థం నీళ్లు పీల్చి ఉబ్బాలి. మాంసంలో అయితే గట్టి కొలాజెన్ జిలాటిన్‌గా మారాలి. ఇలాంటి మార్పుల వేగం సుమారుగా ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపవుతుందని ఒక మోటు లెక్క ఉంది. కచ్చితమైన సూత్రం కాదు గానీ వంటింటి అవసరానికి సరిపోతుంది.

ఇప్పుడు శనగల సంగతి చూద్దాం. రాత్రంతా నానిన శనగలు అర కిలో, నీళ్లు లీటరు. పాత్ర కూడా వేడెక్కాలి కాబట్టి అంతా కలిపి రెండు లీటర్ల నీటితో సమానం అనుకుందాం. పాత్రకు నికరంగా 1000 వాట్ల వేడి అందుతోంది. నీళ్లు 25 డిగ్రీల దగ్గర మొదలయ్యాయి. మూతలేని గిన్నెలో ఈ శనగలు మెత్తబడడానికి 75 నిమిషాలు పట్టిందనుకుంటే, మిగతావి ఇలా వస్తాయి.

| | నీళ్లు మరిగే వేడి | వేడెక్కడానికి | ఉడకడానికి | ప్రెషర్ దిగడానికి | మొత్తం |
|---|---|---|---|---|---|
| మామూలు గిన్నె | 100 డిగ్రీలు | 10 ని. | 75 ని. | – | 85 ని. |
| ఎలక్ట్రిక్, లో ప్రెషర్ | 111–112 | 12 ని. | 34 ని. | 12 ని. | 58 ని. |
| ఎలక్ట్రిక్, హై ప్రెషర్ | 116 | 13 ని. | 25 ని. | 15 ని. | 53 ని. |
| స్టవ్ మీది కుక్కర్, ఒక బార్ | 120–121 | 13 ని. | 17 ని. | 10 ని. | 40 ని. |

ఇవి లెక్కగట్టిన అంకెలు. మీ శనగలు ఏడాది కిందటివైతే ఇంకా ఎక్కువసేపు పడుతుంది, నీళ్లు కఠినమైనవైనా అంతే. పులుపు ముందే వేసేస్తే గింజ మెత్తబడడానికి మొండికేస్తుంది, కాబట్టి దాన్ని ఉడికాక వేయడం మేలు. అయితే వరుసల మధ్య తేడా మాత్రం ఇలాగే ఉంటుంది.

పట్టికలో నాకు ముఖ్యంగా కనిపించేవి రెండు. ఒకటి, 100 నుంచి 121కి ఎక్కడానికి అదనంగా ఖర్చయ్యేది మూడు నిమిషాలే, మిగిలేది దాదాపు గంట. రెండు, ఎలక్ట్రిక్ కుక్కర్‌లో లో, హై బటన్ల మధ్య మొత్తం తేడా ఐదు నిమిషాలే. ఆ బటన్ గురించి టెన్షన్ పడేంత ఏమీ లేదు.

ఇంకో సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. వంటల వీడియోల్లో ‘ప్రెషర్ వచ్చాక 17 నిమిషాలు’ అని చెబితే, అది ఏ కుక్కర్‌కో ముందు తెలుసుకోవాలి. ఒక బార్ కుక్కర్‌కు రాసిన సమయాన్ని 75 కిలోపాస్కల్స్ ఎలక్ట్రిక్ కుక్కర్‌లో పెడితే గింజ మధ్యలో గట్టిగా ఉండిపోతుంది. 17ను 25 చేసుకోవాలి, అంటే దాదాపు ఒకటిన్నర రెట్లు. ఎలక్ట్రిక్ మల్టీ కుక్కర్లలో హై ప్రెషర్ సాధారణంగా 70 నుంచి 80 కిలోపాస్కల్స్ మధ్యే ఉంటుంది. డబ్బా మీద 100 పైన అంకె కనిపిస్తే తొందరపడి సంతోషించకండి, అది తట్టుకోగల గరిష్ఠ ప్రెషర్ కావచ్చు. మనకు కావాల్సింది పని చేసే ప్రెషర్. రెండూ వేర్వేరు అంకెలుగా రాసి ఉంటాయి.

అన్నిటికీ ఇంత లాభం ఉండదు

శనగల బదులు బంగాళదుంప ముక్కలు తీసుకోండి. గిన్నెలో నీళ్లు మరిగాక 15 నిమిషాల్లో ఉడుకుతాయి. 121 డిగ్రీల దగ్గర మూడున్నర నిమిషాలు చాలు. వినడానికి అద్భుతంగా ఉంటుంది. అయితే అదే రెండు లీటర్ల లెక్క వేస్తే గిన్నెలో మొత్తం 25 నిమిషాలు, కుక్కర్‌లో వెంటనే ఆవిరి వదిలేస్తే 18. దానంతట అదే దిగేదాకా ఆగితే 27, పైగా ఆ పది నిమిషాలూ ముక్కలు ఉడుకుతూనే ఉంటాయి కాబట్టి మూత తీసేసరికి ముద్దయిపోతాయి. కుక్కర్‌లో ముక్కలు మునిగేదాకా నీళ్లు పోయకుండా అడుగున ఒకటి రెండు గ్లాసులతో సరిపెడితే వేడెక్కే సమయం తగ్గుతుంది. నిజం చెప్పాలంటే ముక్కల విషయంలో కుక్కర్‌కు ఉన్న అసలు లాభం అదే.

పెద్ద దుంపను కోయకుండా వేస్తే కథ మళ్లీ మారుతుంది. అక్కడ సమయం పట్టేది ఉడకడానికి కంటే వేడి మధ్యదాకా చేరడానికి. మందం రెట్టింపైతే ఆ చేరే సమయం నాలుగు రెట్లవుతుంది. బయట 21 డిగ్రీలు పెరిగినంత మాత్రాన వేడి నాలుగు రెట్ల వేగంతో లోపలికి పరుగెత్తదు. పైపొర మెత్తగా విచ్చుకుపోయి నడుమ పచ్చిగా ఉందంటే ప్రెషర్ తక్కువైందని కాదు, ముక్క పెద్దదైందని అర్థం. రెండుగా కోయడం వల్ల మిగిలే సమయం ఖరీదైన కుక్కర్ వల్ల కూడా మిగలదు.

అందుకని మీ వంటలో ఎండు గింజలు, ముదురు మాంసం, ఎముకల రసం ఎక్కువైతే ఒక బార్ ఇచ్చే స్టవ్ కుక్కర్ తీసుకోండి. కూరగాయలు, త్వరగా ఉడికే ధాన్యాలే ఎక్కువైతే మంచి మూత ఉన్న గిన్నె చాలు. ఉన్న కుక్కర్ మార్చాల్సిన పని అస్సలు లేదు. స్టవ్ దగ్గర నిలబడే తీరిక లేదనుకునేవాళ్లకు ఎలక్ట్రిక్ మంచిదే. శనగలకు 13 నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ ఆ 53 నిమిషాల్లో మీరు దాని ముఖం చూడనవసరం లేదు. ప్రెషర్ అందగానే హీటర్‌ను అదే ఆపుతూ వేస్తూ ఉంటుంది.

విజిల్ లెక్క, నీళ్ల లెక్క

స్టవ్ కుక్కర్లలోనూ రెండు రకాలున్నాయి. వెయిట్ లేచి ఆవిరి వదిలేవి ఒక రకం. ఇంకో రకంలో స్ప్రింగ్ వాల్వ్ ఉంటుంది, ప్రెషర్ పెరిగేకొద్దీ ఒక పిన్ను పైకి లేచి గీత చూపిస్తుంది, పెద్దగా చప్పుడుండదు.

వెయిట్ రకంలో మనం విజిల్స్ లెక్కపెడతాం. విజిల్ చెప్పేది ఒక్కటే, లోపలి ప్రెషర్ వెయిట్‌ను లేపేంత అయిందని. ఎంతసేపు ఉడికిందో అది చెప్పదు. మంట పెద్దగా ఉంటే నాలుగు విజిల్స్ నాలుగైదు నిమిషాల్లో వచ్చేస్తాయి, సన్నగా ఉంటే అవే నాలుగు విజిల్స్‌కు పావుగంట పట్టొచ్చు. రెండు సందర్భాల్లోనూ లోపలి వేడి అదే, గింజ మాత్రం ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా వస్తుంది. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి గడియారం చూడడం మొదలుపెడితే ఈ గొడవ పోతుంది.

మంట తగ్గించమనడానికి ఇంకా పెద్ద కారణం నీళ్లు. ప్రెషర్ వచ్చాక కుక్కర్‌కు అవసరమైన వేడి చాలా తక్కువ, గోడల నుంచి బయటికి పోయేదాన్ని భర్తీ చేస్తే సరిపోతుంది. అంతకు మించి 1500 వాట్లు అదనంగా ఇస్తున్నారనుకోండి. నిమిషానికి 40 గ్రాముల నీళ్లు ఆవిరై వెయిట్ కింద నుంచి పోతాయి. శనగలు ఉడికే 17 నిమిషాల్లో అది దాదాపు 680 మిల్లీలీటర్లు. మీరు పోసింది లీటరు. మిగిలిన దాంట్లో కొంత శనగలు పీల్చుకుంటాయి, అడుగు మాడుతుంది. అదనపు వేడి 300 వాట్లే అయితే పోయేది 140 మిల్లీలీటర్ల లోపే. రెండింటిలోనూ ఉష్ణోగ్రత 121 డిగ్రీలే, కాబట్టి పెద్ద మంటతో మీరు కొన్నది మాడు వాసన తప్ప మరేమీ లేదు.

స్ప్రింగ్ వాల్వ్ కుక్కర్‌లో మంట సరిగ్గా పెడితే ఆవిరి దాదాపు పోదు. నీళ్లు తక్కువ పోసి వండాలనుకునేవాళ్లకు, చప్పుడు పడనివాళ్లకు నేను ఇదే చెబుతాను. కానీ దానికో చిక్కుంది. మూత పెట్టినప్పుడు లోపల మిగిలిన గాలి బయటికి పోయే దారి తక్కువ. లోపలి మొత్తం ఒత్తిడి 200 కిలోపాస్కల్స్ అయినా, అందులో ఐదో వంతు గాలిదైతే ఆవిరి వాటా 160 మాత్రమే. 160 అంటే 113 డిగ్రీలు. పిన్ను మాత్రం పూర్తిగా పైకి లేచి, అంతా బాగుందన్నట్టే కనిపిస్తుంది. వెయిట్ రకంలో వెయిట్ పదేపదే లేస్తుంది కాబట్టి ఆ గాలి మొదటి కొన్ని నిమిషాల్లో ఊడ్చుకుపోతుంది. స్ప్రింగ్ రకంలో అయితే వాల్వ్ మూసుకునే ముందు ఆవిరి తెరలు తెరలుగా కాకుండా ఒకే ధారగా వచ్చేదాకా మీరే ఆగాలి. వెయిట్ ఉన్న కుక్కర్‌లోనూ ఆవిరి ధార నిలకడగా వచ్చాకే వెయిట్ పెట్టమనడం అందుకే.

కుక్కర్ ఎంతకీ ప్రెషర్ పట్టకపోతే మూత అంచు చూడండి. అక్కడి నుంచి సన్నగా ఆవిరి పోతూ, వెయిట్ కదలకుండా ఉంటే గ్యాస్కెట్ గట్టిపడిందనో సరిగ్గా కూర్చోలేదనో అర్థం. అలాంటి కుక్కర్‌లో వంట అవుతుంది, కాకపోతే మీరు వండుతున్నది 100 డిగ్రీలకు కాస్త పైన, అంతే. అంచు నుంచీ పోక, వెయిట్ దగ్గరా రాకపోతే మంట వెంటనే ఆపాలి. గొట్టంలో పొట్టో నురగో అడ్డుపడి ఉండొచ్చు. చల్లారాక వెలుతురుకు ఎదురుగా పెట్టి చూస్తే రంధ్రం అవతలి వైపు కనిపించాలి. నురగ వచ్చే గింజలు కుక్కర్‌లో సగానికి మించి పోయకూడదనేది ఇందుకే.

ఆవిరి వదిలేయాలా, దిగేదాకా ఆగాలా

ఇది ఉష్ణోగ్రత లెక్కతోనే తేలుతుంది. వాల్వ్ తెరిచిన క్షణంలో లోపలి నీళ్లు 121 డిగ్రీల దగ్గర ఉన్నాయి, ఒత్తిడి మాత్రం బయటి స్థాయికి పడిపోయింది. అంటే ఆ నీళ్లు మరిగే హద్దుకు 21 డిగ్రీలు పైన ఉన్నాయి. చల్లబడడానికి వాటికున్న దారి ఒక్కసారిగా మరగడమే. లీటరు నీళ్లలో దాదాపు 40 గ్రాములు ఆవిరైతేగాని అవి 100కు రావు. 40 గ్రాములంటే కొంచెంగానే అనిపిస్తుంది, కానీ అది 65 లీటర్ల పైచిలుకు ఆవిరి. అది వచ్చేది పాత్రంతటి నుంచీ, గింజల లోపలి నుంచి కూడా. అందుకే వెంటనే వదిలేస్తే శనగల పొట్టు చిట్లుతుంది, నురగ వాల్వ్‌లోంచి తన్నుకొస్తుంది, మాంసం రసం పోయి పీచుపీచుగా అవుతుంది.

శనగలకు, మాంసానికి ఆగడమే మంచిది. ఆగే పది నిమిషాల్లో మొదటి కొన్ని నిమిషాలు బాగా వేడిగానే ఉంటుంది కాబట్టి ఆ మేరకు ఉడికే సమయం రెండు మూడు నిమిషాలు తగ్గించుకోవచ్చు. కూరగాయ ముక్కలకు మాత్రం వెంటనే వదలాలి. మీ వంటలో ముక్కలే ఎక్కువైతే, కొనేటప్పుడు ఆవిరి వదిలే మీట చేతికి దూరంగా, ముఖానికి ఎదురుగా కాకుండా ఉందో లేదో చూసుకోండి.

ఎత్తైన చోట ఉంటే

ఎత్తు పెరిగేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుంది. ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ పడిపోతుంది. 3000 మీటర్ల ఎత్తులో గిన్నెలో నీళ్లు 90 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. పై లెక్క ప్రకారం అక్కడ శనగలకు 75 నిమిషాలు కాదు, రెండున్నర గంటలు.

కుక్కర్ అక్కడ కూడా ఒక బార్ చేరుస్తుంది, కానీ చేర్చేది అక్కడి పలచని గాలి ఒత్తిడి మీద. అక్కడి గాలి 70 కిలోపాస్కల్స్, కుక్కర్ ఇచ్చేది 100, మొత్తం 170, అంటే 115 డిగ్రీలు. 75 కిలోపాస్కల్స్ ఎలక్ట్రిక్ కుక్కర్‌లో అయితే 110. మైదానంలో 17 నిమిషాలు పట్టే శనగలకు అక్కడ ఒక బార్ కుక్కర్‌లో దాదాపు 27, ఎలక్ట్రిక్‌లో 37 దాకా పడుతుంది. సమయం ఎక్కువైందని కుక్కర్‌ను అనుమానించక్కర్లేదు. గిన్నెతో పోలిస్తే మైదానంలో అది గెలిచేది గంట, ఇక్కడ రెండు గంటలు. కొండ ప్రాంతంలో ఉండేవాళ్లు లో ప్రెషర్ మాత్రమే ఇచ్చే మోడళ్ల జోలికి పోకుండా, పని చేసే ప్రెషర్ ఒక బార్ అని స్పష్టంగా రాసి ఉన్నదే తీసుకోవాలి. ఎలక్ట్రికే కావాలంటే ఎత్తు అమర్చుకునే సెట్టింగ్ ఉందో లేదో చూడాలి. ఆ సెట్టింగ్ చాలా మోడళ్లలో ప్రెషర్‌ను పెంచదు, సమయాన్ని మాత్రమే పొడిగిస్తుంది.